పన్ను తగ్గిస్తే జనం దాచుకుంటారా? రికార్డియన్ ఈక్వివలెన్స్ వ్యాసంలో నా వాదన ఎక్కడ తప్పింది?

పల్లవి_ఎంఏ
అందరికీ నమస్కారం. ఎంఏ ఎకనామిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మాక్రో పేపర్‌కి ఒక వ్యాసం రాయాలి. ప్రశ్న ఇది: "ప్రభుత్వం అప్పు చేసి పన్నులు తగ్గిస్తే కుటుంబాల పొదుపు మారుతుందా?"

ప్రభుత్వం అప్పు చేసి పన్ను తగ్గిస్తే, రేపు ఆ పన్ను తామే కట్టాలని జనం ఆ డబ్బంతా దాచేస్తారు, ఖర్చు మారదు అన్నదే రికార్డియన్ ఈక్వివలెన్స్. ఆర్థికవేత్త బారో వాదన ఇదే. నేను అమెరికాలో 2001లో ఇచ్చిన పన్ను రిబేటు తీసుకున్నాను. ఒంటరివాళ్లకి 300 డాలర్ల దాకా, దంపతులకి 600 దాకా చెక్కులు పంపారు. షపీరో, స్లెమ్‌రాడ్ అనే ఆర్థికవేత్తల సర్వేలో "ఎక్కువ భాగం ఖర్చు పెడతాం" అన్నవాళ్లు 22 శాతమే. అంటే మిగతా 78 శాతం దాచుకోవడమో అప్పు తీర్చడమో చేశారు. "రేపు పన్ను పెరుగుతుందని తెలిసి జనం ఇవాళ దాచుకున్నారు, కాబట్టి 1974లో బారో చెప్పింది నిజం" అని ముగించాను.

మేడం పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ముక్క రాసి ఇచ్చేశారు: "దాచుకున్నారు సరే. దేనికి దాచుకున్నారో నీకెలా తెలుసు?" సోమవారం మళ్లీ ఇవ్వాలి. నా తప్పేమిటో అర్థమయ్యేలా చెప్పండి.

కొబ్బరిచెట్టు
నాకూ ఇదే సమస్య అండి. మా ఆఫీసులో టీడీఎస్ ఎక్కువ పట్టేశారు, ఐదు నెలలైనా రిఫండ్ రాలేదు. దాచుకుందామన్నా చేతికి వస్తే కదా! 12 లక్షల దాకా పన్ను లేదన్నప్పటి నుంచీ మా ఇంట్లో పొదుపు మాత్రం పెరిగింది. ఇది రాయండి వ్యాసంలో.

పాత_లెక్కల_మాస్టారు
పల్లవీ, మీ మేడం అడిగింది చాలా సరైన ప్రశ్నమ్మా. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం.

ఒక జంటకి 600 డాలర్ల చెక్కు వచ్చింది. ఇది ఈ ఒక్కసారికే అని వాళ్లు అనుకున్నారు. బారో చెప్పిన మనిషైతే ప్రభుత్వం ఆ 600 అప్పు తెచ్చి ఇచ్చిందనీ, వడ్డీతో సహా తిరిగి తన దగ్గరే వసూలు చేస్తుందనీ లెక్కేసి మొత్తం పక్కన పెడతాడు. ఖర్చు సున్నా.

ఇప్పుడు బారోని అస్సలు నమ్మని మనిషిని తీసుకో. రేపటి పన్ను సంగతి అతనికి పట్టదు. 600 నిజంగా తన సొమ్మే అనుకుంటాడు. కానీ ముందుచూపు ఉంది, ఒక్క నెలలో తగలెయ్యడు. అసలు కదపకుండా అయిదు శాతం వడ్డీ మీద బతికితే ఏడాదికి ఖర్చు 30 డాలర్లు. మొదటి ఏడు 570 దాస్తాడు.

ఒకడు 600 దాచాడు, ఇంకొకడు 570 దాచాడు. సర్వేవాళ్లు ఫోన్ చేసి అడిగితే ఇద్దరూ "ఎక్కువ భాగం దాస్తాం" అనే చెప్తారు. నీ 78 శాతంలో ఇద్దరూ కలిసిపోయి ఉన్నారు. వాళ్లని విడదీసే సాక్ష్యం నీ వ్యాసంలో లేదు. అదీ ఆ ఎర్ర ఇంకు.

డాలస్_శీను
2001లో నేను ఇక్కడే ఉన్నాను, నాకూ 300 చెక్కు వచ్చింది. ముందు ఇక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ఫలానా వారంలో చెక్కు పంపుతాం అని. సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి రెండు అంకెలను బట్టి వరస. నా రూమ్మేట్‌కి జులైలోనే వచ్చేసింది, నాది సెప్టెంబర్‌కి జరిగింది. రోజూ మెయిల్ బాక్స్ తెరిచి చూడటం, వాడు నన్ను చూసి నవ్వడం!

నేను దాచుకోలేదండీ. క్రెడిట్ కార్డు బిల్లు కట్టేశాను. కాబట్టి నన్ను పొదుపు లెక్కలో వెయ్యకండి.

పాత_లెక్కల_మాస్టారు
శీనూ, నువ్వు పొదుపు లెక్కలోనే పడ్డావు బాబూ. వచ్చిన ఆదాయంలోంచి సరుకుల మీద, సేవల మీద పెట్టింది పోగా మిగిలిందే పొదుపు. అది బ్యాంకులో వేసినా, కార్డు బాకీ తగ్గించినా ఒకటే. నీ నికర ఆస్తి 300 పెరిగింది కదా.

డాలస్_శీను
డిసెంబర్‌లో అదే కార్డు మీద ఇండియా టికెట్ కొన్నాను సార్ 😀

పాత_లెక్కల_మాస్టారు
అయితే సెప్టెంబర్‌లో పొదుపరివి, డిసెంబర్‌లో కాదు. నవ్వుకోవడానికి అన్నా, పల్లవి ఇది గుర్తు పెట్టుకోవాలి. చెక్కు అందిన వారంలో అడిగే ప్రశ్నకీ, ఆరు నెలల తర్వాత చూసే లెక్కకీ తేడా ఇక్కడే వస్తుంది.

రిగ్రెషన్_రాజు
మాస్టారి లెక్కతో ఒక పేచీ ఉంది. 2001 రిబేటు "ఒక్కసారికే" కాదు. కొత్తగా తెచ్చిన 10 శాతం శ్లాబుకి అది అడ్వాన్సు. అంతకుముందు ఆ మొదటి 6000 డాలర్ల మీద 15 శాతం ఉండేది. అయిదు శాతం తగ్గితే 300. దంపతులకి 12000 మీద 600. ఆ తగ్గింపు తర్వాతి ఏళ్లలో కూడా నడిచింది. చట్టం ప్రకారం 2010 చివరిదాకా.

అలాంటప్పుడు బారోని నమ్మని ముందుచూపు మనిషి 30 డాలర్లు ఖర్చు పెట్టి ఊరుకోడు. ఏటా 600 మిగులుతుందని తెలిస్తే ఏటా దాదాపు 600 ఖర్చు పెట్టాలి. అయినా 22 శాతమే ఖర్చు అన్నారంటే, అది పల్లవి వాదనకి బలమే గానీ దెబ్బ కాదు.

పాత_లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను రాజూ, అది వదిలేశాను. అయితే ఇంకో మెలిక ఉంది. ఆ చెక్కు వచ్చినవాళ్లలో ఎంతమందికి అది పదేళ్ల తగ్గింపులో మొదటి విడత అని తెలుసు? చాలామంది దాన్ని చెక్కుగానే చూశారు. అలా చూస్తే మళ్లీ నా 570 లెక్కే. జనం ఏమనుకున్నారో తెలియకుండా 2001 మీద తీర్పు చెప్పలేం. పల్లవీ, అందుకే నీకు ఇంత తికమక లేని సందర్భం ఒకటి కావాలి. రాత్రికి రాస్తాను, మా మనవరాలికి ట్యూషన్ టైమయింది.

పెద్దకొట్టు
ఎకనామిక్స్ చదవలేదు గానీ నాదో డౌటు. కిరాణా కొట్టు నాది. ప్రభుత్వం అప్పు ఎప్పుడు తీరుస్తుంది? ముప్ఫై ఏళ్లకో నలభై ఏళ్లకో. అప్పటికి నేనుంటానా? నేనెందుకు దాచాలి?

పల్లవి_ఎంఏ
దానికి బారో జవాబు ఉందండి. మీరు మీ పిల్లల గురించి ఆలోచిస్తారు, వాళ్లు మనవల గురించి ఆలోచిస్తారు. వాళ్ల మీద పడే పన్నుకి సరిపడా మీరు ఆస్తి ఎక్కువ మిగిల్చి వెళ్తారు. అలా గొలుసు తెగదు.

పెద్దకొట్టు
పిల్లాడి పేరున ప్లాటు కొన్నమాట నిజమే. కానీ ఢిల్లీలో బడ్జెట్ లోటు ఎంతో చూసి కొనలేదమ్మా. పక్కింటాయన కొన్నాడు, మా ఆవిడ ఊరుకోలేదు.

పాత_లెక్కల_మాస్టారు
పెద్దకొట్టు గారు గురి చూసి కొట్టారు. పిల్లలకి ఆస్తి ఇవ్వడం ఒక్కటే చాలదు. ప్రభుత్వం అప్పు పెరిగినప్పుడల్లా ఆ ఇచ్చేది అంతే మేరకు పెరగాలి. మన ఇళ్లలో ఆస్తి ఇస్తారు గానీ ఇలా సర్దుబాటు చెయ్యరు.

ఇంకో ముచ్చట. ఈ సిద్ధాంతానికి ఎవరి పేరు పెట్టారో ఆ పాతకాలపు ఇంగ్లండ్ ఆర్థికవేత్త రికార్డోనే దీన్ని నమ్మలేదు. 1820లో ఆయన ఒక లెక్క వేశాడు. యుద్ధానికి 2 కోట్ల పౌన్లు కావాలి. ఒకేసారి పన్నుగా కట్టినా, అప్పు తెచ్చి అయిదు శాతం వడ్డీ చొప్పున ఏటా 10 లక్షలు ఎప్పటికీ కట్టినా లెక్కలో రెండూ ఒకటే అన్నాడు. వెంటనే, పన్ను కట్టే జనం మాత్రం అలా లెక్కేసుకోరు అని కూడా రాశాడు. 20 వేల పౌన్లున్నవాడికి, ఏటా 50 కట్టడం ఇప్పుడే 1000 కట్టడంతో సమానమని ఒప్పించడం కష్టం అన్నాడు. లెక్క మిగిలింది, పేరు మిగిలింది, ఆయన అనుమానం మాత్రం పాఠాల్లోంచి జారిపోయింది.

ఇక నేను చెబుతానన్న సందర్భం. 1992.

ఆ జనవరిలో పెద్ద బుష్ ఒక పని ప్రకటించాడు. పన్ను రేటు మార్చలేదు, కట్టాల్సిన మొత్తం కూడా మార్చలేదు. జీతంలోంచి నెలనెలా పట్టుకునే పన్ను మాత్రం తగ్గించారు. మామూలు ఉద్యోగికి చేతికి వచ్చే జీతం నెలకి 28.80 డాలర్లు పెరిగింది. కానీ ఏడాది పన్ను అంతే కాబట్టి 1993 వసంతంలో రావాల్సిన రిఫండ్ ఆ మేరకి తగ్గుతుంది.

మార్చి నుంచి డిసెంబర్ దాకా పది నెలలకి లెక్క కట్టు. 288 డాలర్లు. ఒకాయనకి మామూలుగా 900 రిఫండ్ వస్తుందనుకో. ఇప్పుడు 612 వస్తుంది. నెలనెలా ఆ 28.80 పక్కన పెట్టుకుంటే 612, 288 కలిపి మళ్లీ అదే 900. నిజంగా కలిసొచ్చింది ఏమిటంటే ఆ కొన్ని నెలల వడ్డీ, నాలుగైదు డాలర్లు ఉంటుందేమో. ఖర్చు పెట్టేస్తే ఏప్రిల్‌లో 288 తక్కువ పడుతుంది.

దీని అందం చూడు. ప్రభుత్వం ఏడాది పాటు అప్పు తెచ్చింది, పన్నుని వాయిదా వేసింది. బారో కథ చిన్న గిన్నెలో దొరికింది. తిరిగి కట్టేది మనవడు కాదు, ఆ మనిషే. ముప్ఫై ఏళ్లకి కాదు, మరుసటి ఏడే. ఎంతో కూడా తెలుసు. పెద్దకొట్టు గారి అభ్యంతరం ఇక్కడ పనిచెయ్యదు. రాజు అన్న "శాశ్వతమా తాత్కాలికమా" గొడవ కూడా లేదు. ముందుచూపు ఉన్నవాడెవడైనా దాదాపు మొత్తం దాచాలి.

షపీరో, స్లెమ్‌రాడ్ అడిగితే 43 శాతం మంది ఎక్కువ భాగం ఖర్చు పెడతామన్నారు.

పల్లవి_ఎంఏ
సార్! అంటే దాచాల్సిన చోట ఖర్చు పెట్టారు, ఖర్చు పెట్టొచ్చు అనుకున్న 2001లో దాచారు. నా వ్యాసం తలకిందులైంది కదా. ఇప్పుడు "43 శాతం డబ్బు ఖర్చయింది, కాబట్టి రికార్డియన్ ఈక్వివలెన్స్ 57 శాతమే నిజం" అని రాయొచ్చా?

రిగ్రెషన్_రాజు
వద్దు వద్దు. 43 శాతం మనుషులు, డబ్బు కాదు. "ఎక్కువ భాగం" అన్నవాడు 28.80లో 15 పెట్టి ఉండొచ్చు, 28 పెట్టి ఉండొచ్చు. "దాస్తాను" అన్నవాడు కూడా పది డాలర్లు పెట్టి ఉండొచ్చు. అదీగాక అది ఉద్దేశం అడిగిన ప్రశ్న. శీనూ గారి ఇండియా టికెట్ చూశాం కదా.

డబ్బు లెక్క కావాలంటే 2001 మీదే జాన్సన్, పార్కర్, సూలెలెస్ పని ఉంది. శీనూ గారు, ఆయన రూమ్మేట్ మెయిల్ బాక్స్ కథే వాళ్ల పద్ధతి. నంబర్ చివరి రెండు అంకెలకీ, మనిషి స్వభావానికీ సంబంధం లేదు. కాబట్టి జులైలో చెక్కు వచ్చినవాళ్లనీ సెప్టెంబర్‌లో వచ్చినవాళ్లనీ పక్కపక్కన పెట్టి, చెక్కు చేరిన మూడు నెలల్లో ఖర్చు ఎంత పెరిగిందో చూశారు. తిండి, బట్టలు లాంటి వాడి పారేసే వాటి మీదే రిబేటులో 20 నుంచి 40 శాతం ఖర్చయింది. తర్వాతి మూడు నెలలు కూడా కలిపితే దాదాపు మూడింట రెండొంతులు.

```
C(i,t+1) - C(i,t) = month + b * Rebate(i,t+1) + e
```

ఇందులో `month` అంటే ఆ నెలలో అందరికీ ఒకేలా జరిగిన మార్పు, `b` అంటే చెక్కులో ఖర్చయిన వంతు. బారో నిజమైతే ఆ `b` ఉండాల్సింది సున్నా. చెక్కు వస్తుందని ఉత్తరం ముందే వచ్చేసింది, చట్టం ముందే అయిపోయింది. అయినా చేతికి అందాకే ఖర్చు పెరిగిందంటే రికార్డియన్ ఈక్వివలెన్స్ ఖతం. పల్లవి గారూ, 22 శాతం తీసేసి ఇది పెట్టండి. వ్యాసం అయిపోయినట్టే.

పాత_లెక్కల_మాస్టారు
రాజూ, సగం దూరం బాగా వచ్చావు. ఇప్పుడు నీ సమీకరణంలో ఆ `month` వైపు చూడు.

రేపు పన్ను పెరుగుతుందన్న భయం ఎవరికి? జులై వాళ్లకీ ఉంది, సెప్టెంబర్ వాళ్లకీ ఉంది. చెక్కు ఏ వారంలో వచ్చినా రేపటి పన్ను ఒకటే. ఆ భయంతో దేశమంతా నెలకి 20 డాలర్లు ఖర్చు తగ్గించుకున్నారనుకో. ఇద్దరూ సమానంగా తగ్గించారు కాబట్టి అదంతా `month`లో కలిసిపోతుంది. నీ `b`కి అది కనిపించదు. శీనుకీ రూమ్మేట్‌కీ మధ్య తేడా మాత్రమే నువ్వు కొలిచావు. ఇద్దరి మీదా ఒకేలా పడింది కొలవలేదు.

కాబట్టి `b` సున్నా కాకపోతే, ప్రతి కుటుంబమూ బారో మనిషిలా ఉందన్న మాట తప్పు అని చెప్పొచ్చు. చేతిలో డబ్బు లేనివాళ్లో, చెక్కు చూస్తేగానీ లెక్క వెయ్యనివాళ్లో ఉన్నారని తేలింది. కానీ ఈ కోత వల్ల దేశం మొత్తం పొదుపు ఎంత మారిందన్నది దాన్నుంచి రాదు. పల్లవికి ఇచ్చిన ప్రశ్న రెండోది.

రిగ్రెషన్_రాజు
అదైతే నెలవారీ పొదుపు రేటు గ్రాఫ్ చూస్తే సరి. 2008లో మళ్లీ చెక్కులు పంపినప్పుడు మే నెలలో పొదుపు రేటు ఒక్కసారిగా పైకి లేచింది. అది చూసి కొందరు ఇదిగో రికార్డో అన్నారు.

పాత_లెక్కల_మాస్టారు
ఆ నెల ఆదాయం లేచింది, ఖర్చు అదే నెలలో అంత లేవలేదు. బారో మనిషైనా, నా 570 మనిషైనా, వచ్చే నెల ఫ్రిజ్ కొందామని ఆగినవాడైనా అందరూ ఆ నెల గ్రాఫులో అదే గుట్ట వేస్తారు. మళ్లీ మేడం ఎర్ర ఇంకు దగ్గరికే వచ్చాం.

రిగ్రెషన్_రాజు
సరే, `month` సంగతి ఒప్పుకుంటా. కానీ అందరూ సమానంగా ఖర్చు తగ్గించారన్నది మీరు ఊహించింది, చూపించింది కాదు. కనిపించని దాని మీద సిద్ధాంతాన్ని బతికించడం నాకు నచ్చదు. ఇంకో మాట, నా వైపు నుంచే ఒక లోపం చెప్తా. ఇలా వేర్వేరు వారాల్లో చెక్కు అందినవాళ్లని పోల్చే పద్ధతిలో ముందు అందుకున్నవాళ్లు తర్వాతి వాళ్లకి పోలికగా పనికొస్తారా అన్న అనుమానం ఈ మధ్య వచ్చింది. 2008 లెక్కలు అలా సరిచేస్తే ఖర్చు అంచనా తగ్గింది. సున్నాకి మాత్రం రాలేదు.

కొబ్బరిచెట్టు
ఇంతకీ నా 12 లక్షల సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత_లెక్కల_మాస్టారు
మీది ఈ ప్రశ్నకి సరిపోదండి. కారణం చెప్తాను, పల్లవికీ పనికొస్తుంది. 2025-26 బడ్జెట్‌లో ఆ తగ్గింపు వల్ల సుమారు లక్ష కోట్లు వదులుకుంటున్నామన్నారు. కానీ అదే బడ్జెట్‌లో ద్రవ్యలోటును జీడీపీలో 4.8 శాతం నుంచి 4.4కి తగ్గించాలని లక్ష్యం పెట్టారు. అంటే కోతకి డబ్బు అప్పు పెంచి తెచ్చారని చెప్పలేం. బారో లెక్కలో ప్రభుత్వ ఖర్చు కదలకూడదు, పన్ను ఇవాళ్టి నుంచి రేపటికి జరగాలి, అంతే. పన్ను తగ్గించి ఖర్చు కూడా తగ్గిస్తే రేపు కట్టాల్సింది ఏమీ ఉండదు. అప్పుడు మీరు ఖర్చు పెట్టినా బారోకి ఇబ్బంది లేదు.

మీ టీడీఎస్ కథ మాత్రం నిజంగా 1992కి దగ్గర బంధువు, తలకిందులుగా. అక్కడ తక్కువ పట్టి తర్వాత తక్కువ ఇచ్చారు. మీ దగ్గర ఎక్కువ పట్టారు, తర్వాత ఎక్కువ ఇవ్వాలి. ఈ ఐదు నెలలూ ఆ డబ్బు ఎలాగూ వస్తుందని ఖర్చు మామూలుగానే పెట్టారా, తగ్గించారా?

కొబ్బరిచెట్టు
తగ్గించామండీ. ఏసీ కొనడం వాయిదా వేశాం. అప్పు చేసి కొనడం ఇష్టం లేదు.

పాత_లెక్కల_మాస్టారు
అదీ సంగతి. మీకు రావాల్సింది మీదే అని తెలుసు, అయినా చేతిలో లేదు కాబట్టి ఆగారు. బారో మనిషి అప్పు చేసి ఏసీ కొనేసేవాడు.

డాలస్_శీను
ఒక ప్రశ్న సార్. 1992లో నెలనెలా కొంచెం కొంచెం వచ్చింది కాబట్టి తెలియకుండా ఖర్చయిపోయింది, 2001లో ఒకేసారి చెక్కు రాబట్టి జాగ్రత్త పడ్డారు. అంతేనా? నాకైతే జీతంలో ఇరవై డాలర్లు పెరిగినా తగ్గినా తెలియదు.

రిగ్రెషన్_రాజు
నేనూ అదే అనుకునేవాణ్ని. 2009లో పరీక్ష అయింది. ఒబామా వచ్చాక మళ్లీ జీతంలో పట్టే పన్ను తగ్గించారు, ఒంటరివాళ్లకి ఏడాదికి 400 డాలర్ల దాకా, దంపతులకి 800. ఈసారి నిజమైన తగ్గింపు. అదే తరహా సర్వేలో ఎక్కువ భాగం ఖర్చు పెడతామన్నది 13 శాతం. 2008 చెక్కుల మీద వచ్చినదాంట్లో సుమారు సగం. మీ లెక్క ప్రకారం ఎక్కువ రావాలి, తక్కువ వచ్చింది.

పాత_లెక్కల_మాస్టారు
2009లో ఇళ్ల ధరలు పడిపోయి, ఉద్యోగాలు పోతున్న రోజులు. జనం అప్పులు దించుకుంటున్నారు. ఆ 13 శాతానికి కారణం చెక్కా జీతమా అన్నదా, ఆ భయమా అన్నది నేను విడదీయలేను. 1992 నాటి 43 శాతానికి కూడా నాకు పూర్తి వివరణ లేదు.

పల్లవి_ఎంఏ
సరే, ఇప్పుడు కొత్త పేరా ఇలా రాశాను. చూడండి:

"2001 రిబేటును చాలామంది దాచుకున్నారన్నది రికార్డియన్ ఈక్వివలెన్స్‌కి రుజువు కాదు, ఎందుకంటే రేపటి పన్నుని పట్టించుకోని ముందుచూపు గల కుటుంబం కూడా అలాగే చేస్తుంది. రెండింటినీ కొంతవరకు విడదీసేది 1992 మార్పు. అక్కడ అదే మనిషి మరుసటి ఏడే తిరిగి ఇవ్వాల్సి ఉన్నా 43 శాతం మంది ఎక్కువ భాగం ఖర్చు పెడతామన్నారు. కాబట్టి పన్ను వాయిదా పడితే కొన్ని కుటుంబాల ఖర్చు పెరుగుతుంది, పొదుపు ఆ మేరకు సరిపడా పెరగదు. దేశం మొత్తం మీద ఎంత అన్నది ఈ సర్వే చెప్పదు."

పాత_లెక్కల_మాస్టారు
"రెండింటినీ విడదీసేది" అన్నచోట జాగ్రత్త. 1992లో బారో మనిషీ దాస్తాడు, 570 మనిషీ దాస్తాడు. రేపటి రిఫండ్ తగ్గడం ఇద్దరికీ కనిపిస్తుంది. కాబట్టి అది ఆ ఇద్దరినీ విడదీయదు. ఇద్దరూ కాని మూడోవాడు ఉన్నాడని చూపిస్తుంది. ఆ ఒక్క వాక్యం మార్చు, మిగతాది ఇచ్చెయ్.

రిగ్రెషన్_రాజు
నేనైతే `b` కూడా పెట్టేవాణ్ని, `month` గురించి ఒక పేరాతో కలిపి. మాస్టారు ఒప్పుకోరు.

పాత_లెక్కల_మాస్టారు
పెట్టమను, పేరా మాత్రం వదలొద్దు.

పెద్దకొట్టు
ఆ మూడోవాడు మా కొట్టుకి రోజూ వస్తాడు. ఒకటో తారీఖున వస్తే బాస్మతి, ఇరవయ్యో తారీఖున వస్తే ఖాతాలో రాయమంటాడు.